గుమ్మంలో మొదటి మాట ఏమనాలి? "నీళ్ళు తాగుతారా" అంటే "వద్దులేమ్మా" అని నిలబడే వెళ్ళిపోయారు

రెండోఅంతస్తు:
అందరికీ నమస్తే. చిన్న విషయమే కానీ వారం నుంచి నన్ను తినేస్తోంది, అందుకే రాస్తున్నా. మా మామగారి స్నేహితుడు ఒకాయన ఉన్నారు, 70 దాటింది, మేమంతా బాబాయిగారు అంటాం. పోయిన ఆదివారం ఫోన్ చెయ్యకుండా వచ్చారు. మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. బెల్ మోగితే వెళ్ళి తలుపు తీశా, ఒక చేతిలో ఫోన్, ఇంకో చెయ్యి తలుపు మీదే ఉంది. ఆయన్ని చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాట "చెప్పండి బాబాయిగారూ". ఆయన "ఏం లేదమ్మా, ఇటు వెళ్తుంటే చూసిపోదామని" అన్నారు. "ఆయన బయటికెళ్ళారండీ, సాయంత్రం గానీ రారు" అన్నా. అప్పుడు గుర్తొచ్చి "లోపలికి వస్తారా? నీళ్ళు తాగుతారా?" అని అడిగా. "వద్దులేమ్మా, మళ్ళీ వస్తా" అని రెండు మాటలు మాట్లాడి మెట్లు దిగిపోయారు.

నిన్న మా అత్తగారు ఫోన్ చేసి చెప్పారు, ఆయన ఎవరితోనో "గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపించింది" అన్నారట. నేను నిజంగా అడిగానండీ, లోపలికి రమ్మన్నా, నీళ్ళూ అడిగా, ఆయనే వద్దన్నారు. మరి తప్పెక్కడ జరిగింది? వచ్చే ఆదివారం మావారు వాళ్ళని పిలిచారు, పిన్నిగారు కూడా వస్తున్నారు, ఆవిడకి 2 నెలల క్రితం మోకాలి ఆపరేషన్ అయింది. ఈసారి మాత్రం సరిగ్గా చెయ్యాలి.

రాత్రిషిఫ్టు:
సింపుల్ అండీ. అడగడమే తప్పు. ఎవరొచ్చినా అడక్కుండా గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టెయ్యాలి, అప్పుడు ఎవరూ వద్దనలేరు. మా అమ్మ అంతే చేస్తుంది, ఇప్పటిదాకా ఒక్కరు కూడా తాగకుండా వెళ్ళలేదు.

తాళంచెవి:
అసలు ఈ రోజుల్లో ఫోన్ చెయ్యకుండా వచ్చినవాళ్ళకి తలుపు తియ్యడమే రిస్కు అండీ. కొరియర్ అంటారు, సర్వే అంటారు, మంచినీళ్ళు అడిగి లోపలికి చూస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు గొలుసు తియ్యకుండా మాట్లాడటమే కరెక్ట్, మీరు చేసింది తప్పేం కాదు.

రెండోఅంతస్తు:
@తాళంచెవి, ఆయన తెలియనివాళ్ళు కాదండీ, మా పెళ్ళికి ముందు నుంచీ ఇంట్లో మనిషి లాంటివారు. నా బాధే అది.

మాటతీరు:
నేను 30 ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను తల్లీ. నీళ్ళ దగ్గరికి తర్వాత వద్దాం, పని చెడింది "చెప్పండి" దగ్గర.

"చెప్పండి" మర్యాద మాటే, అనుమానం లేదు, ఫోన్లో అయితే చక్కగా ఉంటుంది. కానీ గుమ్మంలో దాని అర్థం "ఏం పని మీద వచ్చారు" అని. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళు అనే మాట అది. పని ఉండి వచ్చినవాడికి ఇబ్బంది లేదు, పని చెప్తాడు. ఊరికే చూద్దామని వచ్చిన మనిషికి దానికి జవాబు ఉండదు. ఆయన నోట మొదట ఏం వచ్చిందో మీరే రాశారు, "ఏం లేదమ్మా". అంటే వచ్చిన రెండు క్షణాల్లోనే ఎందుకొచ్చాడో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత మీరు చెప్పింది ఇంటాయన లేరని. అక్కడికి ఆయన లెక్కలో సంభాషణ అయిపోయింది. ఆ పైన "లోపలికి వస్తారా" అని అడిగితే మర్యాద తెలిసిన మనిషి ఎవరైనా వద్దనే అంటాడు.

అదే మాటలు తిరగేసి చూడండి. "రండి బాబాయిగారూ, లోపలికి రండి, కూర్చోండి". ఆయన కూర్చున్నాక "ఆయన బయటికెళ్ళారండీ, సాయంత్రానికి వస్తారు". విషయం అదే, కాకపోతే కుర్చీలో కూర్చుని వింటే అది కబురు, గుమ్మంలో నిలబడి వింటే వెళ్ళిపొమ్మని చెప్పినట్టు.

ఇంకోటి, చెయ్యి తలుపు మీద ఉందన్నారు. తలుపు సగం తీసి దాని మీద చెయ్యేసి ద్వారం మధ్యలో నిలబడితే నోటితో ఎన్నిసార్లు రండి అన్నా కాలు లోపలికి పడదు, ఎందుకంటే వాళ్ళు మిమ్మల్ని తోసుకుని రాలేరు కదా. తలుపు పూర్తిగా తీసి ఒక పక్కకి రెండడుగులు వెనక్కి జరగండి. లోపల కుర్చీ కనబడాలి వాళ్ళకి.

రెండోఅంతస్తు:
అమ్మో, నేను అచ్చం అలాగే నిలబడ్డానండీ, ద్వారానికి అడ్డంగా. "చెప్పండి" నాకు ఆఫీసు ఫోన్ల వల్ల అలవాటైపోయింది, అది వచ్చిందని కూడా ఆరోజు తెలీలేదు.

లీటరులోపే:
రాత్రిషిఫ్టు గారు చెప్పినదానికి నా సంగతి చెప్పాలి. నేను డయాలసిస్ పేషెంట్‌ని. నాకు డాక్టరు రోజు మొత్తం మీద లీటరులోపే అన్నారు, నీళ్ళూ మందులతో తాగేదీ అన్నీ కలిపి. ఒక గ్లాసు 200 మిల్లీ అనుకుంటే ఐదు గ్లాసులతో నా రోజు అయిపోతుంది. ఎవరింటికైనా వెళ్తే గ్లాసు తెచ్చి చేతికిచ్చి ఎదురుగా నిలబడతారు, తాగేదాకా కదలరు. అందరి ముందూ నా జబ్బు గురించి చెప్పాలి, లేదంటే తాగి సాయంత్రం బాధపడాలి. మంచి మనసుతోనే ఇస్తారు, నాకు తెలుసు, కానీ ఇలాంటి ఇళ్ళకి వెళ్ళడం తగ్గించేశాను. దయచేసి చేతిలో పెట్టకండి. పక్కన బల్ల మీద పెట్టండి చాలు, కావాలంటే తీసుకుంటాను, లేదంటే రెండు గుటకలు తాగి పెట్టేస్తాను, ఎవరూ గమనించరు.

రాత్రిషిఫ్టు:
సారీ అండీ, ఈ కోణం నాకు ఎప్పుడూ తట్టలేదు. అమ్మకి కూడా చెప్తాను. కానీ మరి అడగకూడదు, చేతికివ్వకూడదు అంటే ఎలా? బల్ల మీద పెట్టి ఏమీ అనకపోతే అది వాళ్ళకోసమో కాదో కూడా తెలీదు కదా.

మాటతీరు:
మంచి ప్రశ్న అడిగావు నాయనా. ఇక్కడ మన భాషలోనే ఒక చక్కటి ఏర్పాటు ఉంది, ఈమధ్య వాడటం తగ్గింది.

"నీళ్ళు తాగుతారా?" అంటే అవుననో కాదనో తేల్చాల్సింది వచ్చినవాళ్ళు. అవునంటే మీకు పని చెప్పినట్టు, అందుకని కాదంటారు. "నీళ్ళు ఇమ్మంటారా?" ఇంకా ఇబ్బంది, మీకు ఆజ్ఞ ఇవ్వమని వాళ్ళనే అడుగుతున్నట్టు. "తాగండి" అంటే దగ్గరివాళ్ళకి బావుంటుంది, కొత్తవాళ్ళ మీద కాస్త ఒత్తిడి. వీటి మధ్యలో ఉంది "కూర్చోండి, కాసిని నీళ్ళు తాగుదురు గానీ". ఇందులో ప్రశ్న లేదు, ఆజ్ఞా లేదు. కాసేపట్లో జరగబోయేది చెప్తున్నట్టు ఉంటుంది, జరక్కపోయినా ఎవరికీ చిన్నతనం లేదు. "కూర్చుందురు గానీ రండి", "కాస్త సేద తీరుదురు గానీ", ఇవన్నీ ఆ కోవలోవే. ఆ మాట అంటూ లోపలికి వెళ్ళి తెచ్చి బల్ల మీద పెట్టేస్తే లీటరులోపే గారి ఇబ్బందీ ఉండదు.

ఇక వద్దు అన్న మాటల్లో కూడా తేడా వినాలి. "ఎందుకమ్మా నీకు శ్రమ" అంటే అది వద్దని కాదు. అందులో దాహం గురించి ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా మీ శ్రమ గురించే. తెచ్చెయ్యండి. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అని కారణం చెప్తే చాలావరకు నిజంగానే అక్కర్లేదని. ఇక "వద్దులేమ్మా" ఉంది చూశారూ, అది ఎటైనా పోవచ్చు. ఆ "లే" లో సర్దుకుపోవడం ఉంటుంది, మొండిగా కాదనడం ఉండదు. కూర్చున్న మనిషి "వద్దులే" అంటే ఇంకొక్కసారి అనొచ్చు. నిలబడి ఉన్న మనిషి "వద్దులే" అంటే కాళ్ళు అప్పటికే వెనక్కి తిరిగాయని అర్థం. మీ బాబాయిగారు రెండు అంతస్తులు ఎక్కి వచ్చి వద్దులేమ్మా అన్నారు, దాహం లేక కాదు.

ఆ ఇంకొక్కసారి కంటే ఎక్కువ అడక్కండి. మూడోసారికి అది బలవంతం.

ముగ్గురిలోచిన్న:
మాటతీరు గారూ, నాకు చిన్న డౌటు. మా ఇంట్లో "చల్లవి తేనా, మామూలువి తేనా?" అంటాం. తాగుతారా లేదా అని అడగం, ఏవి కావాలో అడుగుతాం. జవాబు వెంటనే వస్తుంది, మొహమాటం ఉండదు. ఇది కూడా ప్రశ్నే కదా మరి?

మాటతీరు:
ప్రశ్నే, కానీ బరువు తక్కువ ప్రశ్న. తేవడం ఖాయమైపోయింది, ఏవి అన్నదే మిగిలింది. నాకు నచ్చింది. కాకపోతే తాగకూడనివాళ్ళకి ఇది కూడా ఇరుకే, అందుకే ఆరోగ్యం సంగతి తెలియని మనిషైతే "గానీ" యే మేలంటాను.

నడకసాయం:
నేను ఫిజియోథెరపీ చేస్తాను, మోకాలి ఆపరేషన్ అన్నారు కాబట్టి కుర్చీ గురించి చెప్పాలనిపించింది. దయచేసి పిన్నిగారిని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టకండి. గౌరవం అనుకుని అందరూ అదే చూపిస్తారు. సోఫాలో కూర్చుంటే నడుం లోపలికి దిగిపోతుంది, మోకాళ్ళు తుంటి కంటే పైకి వస్తాయి, అక్కణ్ణుంచి లేవాలంటే మోకాలు బాగా వంచి బరువంతా దాని మీదే వెయ్యాలి. 2 నెలలకి చాలామందికి అది కష్టం, ఇద్దరు పట్టుకుని లేపాల్సి వస్తుంది, ఆవిడకి అది నలుగురిలో ఎంత నామోషీగా ఉంటుందో ఆలోచించండి.

గట్టి సీటు, రెండు పక్కలా చేతులున్న కుర్చీ కావాలి. మామూలు డైనింగ్ కుర్చీ సీటు దాదాపు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆవిడ పొడగరి అయితే పైన ఒక గట్టి దిండు వెయ్యండి, మెత్తది వేస్తే అణిగిపోయి జారుతుంది. కూర్చున్నాక పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలు తుంటికి సమానంగా గానీ కొంచెం కిందకి గానీ ఉండాలి. మీరే ఒకసారి కూర్చుని చేతులు ఆనించి లేచి చూడండి, తెలిసిపోతుంది. చక్రాల కుర్చీ, ఊగే కుర్చీ అస్సలొద్దు. తలుపు నుంచి కుర్చీ దాకా దారిలో జారే పట్టా ఉంటే ముందే తీసెయ్యండి.

"ఎక్కడైనా కూర్చోండి" అనొద్దు. నాలుగు సీట్లు చూపిస్తే నొప్పి ఉన్నవాళ్ళు తమకి వీలైనది అడగలేక దగ్గరున్న దాంట్లో కూలబడతారు. కుర్చీ కొంచెం వాళ్ళ వైపు తిప్పి "ఇక్కడ కూర్చోండి పిన్నిగారూ, ఇది ఎత్తుగా ఉంటుంది" అంటే చాలు.

నీళ్ళ గురించి కూడా. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాళ్ళకి వెంటనే గ్లాసు ఇవ్వకండి. మింగేటప్పుడు క్షణం పాటు ఊపిరి ఆగాలి, రొప్పుతున్న మనిషికి అదే కష్టం, పొలమారుతుంది. ముందు కూర్చోబెట్టండి, ఒక నిమిషమో రెండు నిమిషాలో. మధ్యలో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారంటే ఊపిరి కుదురుకున్నట్టే, అప్పుడు నీళ్ళు. అంచుదాకా పొయ్యకండి, ముప్పావు గ్లాసు చాలు, చేతులు వణికేవాళ్ళకి పెద్ద గ్లాసులో సగం పోస్తే ఒలకదు.

రెండోఅంతస్తు:
అయ్యో నేను పిన్నిగారికోసం సోఫా మీద కొత్త కవర్లు కూడా వేయించానండీ! మా డైనింగ్ కుర్చీలకి చేతులు లేవు, మావారి చదువుకునే కుర్చీకి ఉన్నాయి కానీ దానికి చక్రాలు. కింద ఇంటివాళ్ళ దగ్గర చెక్క కుర్చీ ఉంది, అడుగుతా.

ముగ్గురిలోచిన్న:
అన్నీ ఓకే కానీ దగ్గరివాళ్ళతో ఇంత ప్లాన్ చేస్తే ఫార్మల్‌గా ఉండదా? మా మేనత్త తలుపు తియ్యగానే "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా!" అంటుంది, అదే మాకు సగం సంతోషం. రండి కూర్చోండి అంటే ఏదో పరాయివాళ్ళని అన్నట్టుంటుంది.

లీటరులోపే:
నాకు ఆ మాట పడదండీ. జబ్బు చేశాక ఎక్కడికీ పెద్దగా వెళ్ళలేకపోతున్నా. ఓపిక తెచ్చుకుని వెళ్తే గుమ్మంలోనే "ఇన్నాళ్ళకా" అంటే మళ్ళీ కారణాలు చెప్పుకోవాలి.

ముగ్గురిలోచిన్న:
మా అత్త అనేటప్పుడు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్తూ అంటుందండీ, నిలబెట్టి అనదు. మీరు చెప్పింది కూడా అర్థమైంది కానీ, మా ఇంట్లో ఆ మాట లేకపోతే ఏదో కోపం ఉందనుకుంటాం.

మాటతీరు:
ఇద్దరూ చెప్పింది నిజమే, దీన్ని నేను తేల్చలేను. నేనైతే ఆ మాట కూర్చున్నాకే అంటాను, ముందు అనను.

తాళంచెవి గారి మాటలో కూడా నాకు పనికొచ్చేది ఒకటి దొరికింది. ఎవరో చూసుకుని తలుపు తియ్యడం మంచిదే. కంతలోంచి చూసి తెలిసినవాళ్ళని తేలగానే గొలుసు తీస్తూనే లోపల్నుంచి "వస్తున్నా బాబాయిగారూ" అని పిలవండి. తలుపు తెరుచుకోకముందే వాళ్ళకి మొదటి మాట అందుతుంది, పైగా పిలిచి మరీ. గొలుసు చప్పుడు అప్పుడు అనుమానంలా వినిపించదు.

తాళంచెవి:
థాంక్స్ అండీ. నేను ప్రశ్న సరిగ్గా చదవలేదు, ఒప్పుకుంటున్నా. కానీ నాకు ఒక నిజమైన ఇబ్బంది ఉంది. ఇంటి నుంచి పని చేస్తాను, మీటింగ్ మధ్యలో ఎవరైనా వస్తే రండి కూర్చోండి అని ఎలా అనగలను? అన్నాక లేచి వెళ్ళిపోతే ఇంకా అవమానం కదా.

మాటతీరు:
కూర్చోబెట్టి టైమ్ చెప్పెయ్యండి. "రండి, కూర్చోండి, నాకు పది నిమిషాల్లో మీటింగ్ ఉంది, అప్పటిదాకా కూర్చుని మాట్లాడుకుందాం". చెప్పి మీరు కూడా కూర్చోండి. మీరు నిలబడే ఉంటే పది నిమిషాలు ఇచ్చినా వాళ్ళకి రెండు నిమిషాలే ఇచ్చినట్టుంటుంది.

తాళంచెవి:
మీటింగ్ అప్పటికే నడుస్తుంటే?

రాత్రిషిఫ్టు:
నేను పగలు పడుకుంటాను, నాకూ ఇదే గొడవ. నా మటుకు నేను గుమ్మంలోనే నిజం చెప్పేస్తాను, "ఇప్పుడు కుదరట్లేదు, సాయంత్రం 6 కి నేనే ఫోన్ చేస్తా" అని. చేస్తాను కూడా. దానికి ఎవరూ బాధపడలేదు ఇప్పటిదాకా, బాధపడి నాకు చెప్పలేదేమో తెలీదు.

రెండోఅంతస్తు:
అందరికీ అప్‌డేట్. ఇవాళ పొద్దున వచ్చారు. కుర్చీ నిన్ననే తెచ్చి పెట్టుకున్నా, గుమ్మం నుంచి నాలుగడుగుల దూరంలో, పక్కన చిన్న బల్ల. చెక్క సీటు గట్టిగా ఉందని పలచటి దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచా. మెట్ల మీద మాటలు వినబడగానే "వస్తున్నా పిన్నిగారూ" అని ఇంట్లోంచే కేకేశా, తలుపు మొత్తం తీసి పక్కకి జరిగా. ఫోన్ బెడ్‌రూమ్‌లో పెట్టేశా ముందే.

పిన్నిగారు రొప్పుతున్నారు, మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కారట. "ఇక్కడ కూర్చోండి, ఇది ఎత్తుగా ఉంటుంది" అన్నా. ఆవిడ సోఫా వైపు చూసి, మళ్ళీ కుర్చీ చేతుల వైపు చూసి, ఏం మాట్లాడకుండా కూర్చున్నారు. నేనూ ఎదురుగా కూర్చున్నా. ముందైతే వెంటనే వంటింట్లోకి పరుగెత్తేదాన్ని, ఈసారి ఆగా. కాసేపటికి ఆవిడే "మెట్లు మాత్రం బాగా ఎత్తుగా కట్టారే" అని మాట ఆపకుండా అన్నారు, నడకసాయం గారు చెప్పింది గుర్తొచ్చి అప్పుడు లేచి "కాసిని నీళ్ళు తాగుదురు గానీ" అని వెళ్ళా. వెనక నుంచి బాబాయిగారు "ఎందుకమ్మా నీకు శ్రమ" అన్నారు! నాకు లోపల ఎంత సంతోషం వేసిందో. రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టి మాటల్లో పడ్డా. చూడలేదు కూడా, తర్వాత చూస్తే ఆయన గ్లాసు ఖాళీ, ఆవిడ సగం తాగారు.

పోయిన ఆదివారం సంగతి ఎత్తాలా వద్దా అని భయపడుతూనే ఉన్నా. మావారు పిన్నిగారితో మాట్లాడుతున్నప్పుడు "బాబాయిగారూ, ఆరోజు మిమ్మల్ని లోపలికి తీసుకురావాల్సింది, నా ధ్యాస ఫోన్ మీద ఉంది" అన్నా. ఆయన "అదేం లేదమ్మా" అన్నారు. కాసేపాగి ఖాళీ గ్లాసు చూపించి "ఇంకొంచెం నీళ్ళు తెచ్చిపెడతావా" అని ఆయనే అడిగారు.

నడకసాయం:
బాగుంది! వెళ్ళేటప్పుడు పిన్నిగారు కుర్చీలోంచి తనే లేచారా?

రెండోఅంతస్తు:
మొదటిసారి సగం లేచి మళ్ళీ కూర్చున్నారు. రెండోసారి ముందుకి జరిగి చేతులు ఆనించి తనే లేచారు. బాబాయిగారు పట్టుకోబోతే వద్దన్నారు. ఆ "వద్దు" లో "లే" లేదండీ మాటతీరు గారూ.